తెనాలి మాస్టారి ఇల్లు, అమ్మాయి ఎమ్మెస్, రెండు గడియారాలు: ఒక ఎడ్యుకేషన్ లోన్ కేసు

2023 మార్చిలో తెనాలి నుంచి ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. నేను కుటుంబాల డబ్బు లెక్కలు చూసి ప్లాన్ వేసే పని చేస్తాను. మాస్టారు ప్రభుత్వ పాఠశాలలో టీచరు, అప్పటికి వయసు 56. పెద్దమ్మాయికి అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ సీటు వచ్చింది. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు మాత్రం దగ్గర దగ్గరగా ఉన్నవే.

రెండేళ్లకు ఫీజు, ఇంటి అద్దె, తిండి, ఇన్సూరెన్సు, టికెట్లు అన్నీ కలిపి, డాలరుకు 83 రూపాయల లెక్కన 48 లక్షలు తేలింది. మాస్టారి చేతిలో ఉన్నవి 16 లక్షల ఎఫ్‌డీలు, ఊరి చివర ఒక ప్లాటు, భార్య పేరు మీద సొంత ఇల్లు, జీపీఎఫ్. జీతం చేతికి నెలకు 95 వేల దాకా వస్తుంది. ఇంటి ఖర్చులూ అబ్బాయి కాలేజీ ఫీజూ పోగా నెలకు 30 వేలు మిగులుతుంది.

వచ్చేటప్పటికే ఇంట్లో రెండు వాదనలు నడుస్తున్నాయి. మాస్టారిది ఒకటే మాట: "అప్పు అంటే నాకు నిద్ర పట్టదండీ. ప్లాటు అమ్మేస్తాను, ఎఫ్‌డీలు తీసేస్తాను, మిగతా 8 లక్షలే బ్యాంకులో తీసుకుంటాను." అమ్మాయి మేనమామది ఇంకో మాట: "బావగారూ, మొత్తం లోన్ పెట్టండి. వడ్డీకి ట్యాక్స్ మినహాయింపు ఉంది, అమ్మాయి డాలర్లలో కట్టేస్తుంది. మీ డబ్బు ముట్టుకోకండి."

రెండిట్లోనూ కొంత నిజముంది.

వడ్డీ ఒక్కటే చూస్తే మాస్టారిదే రైటు

ఈ మాట నేను మొదటే చెప్పాను. బ్యాంకు చెప్పిన వడ్డీ 10.5 శాతం. అమ్మాయిలకు ఇచ్చే అర శాతం రాయితీ అందులోనే ఉంది. ఎఫ్‌డీ మీద వచ్చేది 7 శాతం, దాని మీద 20 శాతం శ్లాబులో పన్ను పోతే చేతికి అయిదున్నర శాతమే. అయిదున్నరకు దాచుకుని పదిన్నరకు అప్పు చేయడం కాగితం మీద నష్టమే. ప్లాటు అమ్మి ఫీజు కడితే వడ్డీ భారం బాగా తగ్గుతుంది, అది కాదనలేం.

కానీ సొంత డబ్బుకూ ఈ లోన్‌కూ ఒక తేడా ఉంది. చాలామంది దాన్ని గమనించరు. ఫ్లోటింగ్ వడ్డీ మీద ఉన్న ఎడ్యుకేషన్ లోన్‌ను ఎప్పుడైనా ముందే కట్టేయొచ్చు, పెనాల్టీ ఉండదు. అంటే ఈ రోజు లోన్ తీసుకుని, రెండేళ్ల తర్వాత "ఇంక అవసరం లేదు" అనిపిస్తే ఎఫ్‌డీ తీసి కట్టేయొచ్చు. ఇది తిరగేస్తే కుదరదు. ఈ రోజు సొంత డబ్బుతో ఫీజు కట్టేసి, రెండేళ్ల తర్వాత చేయి బిగిస్తే, అయిపోయిన చదువుకు ఎడ్యుకేషన్ లోన్ ఎవరూ ఇవ్వరు. అప్పుడు దొరికేది పర్సనల్ లోనే. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, పైగా అరవై దగ్గరపడ్డ మనిషికి అది కూడా కష్టమే. ముందు లోన్ తీసుకుని తర్వాత కట్టే దారి రెండు వైపులా తెరిచి ఉంటుంది. ముందు సొంత డబ్బు పెట్టే దారి ఒకవైపే తెరుచుకుంటుంది.

అందుకే మాస్టారిని నేను "ఎంత అప్పు చేయాలి" అని అడగలేదు. "మాస్టారూ, అమ్మాయికి చదువు అయ్యాక ఏడాది ఉద్యోగం దొరకలేదనుకోండి. ఆ ఏడాది మీ చేతిలో ఏం ఉండాలి?" అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ప్లాన్ ప్రకారం ఆ రోజుకి ఎఫ్‌డీ సున్నా, ప్లాటు సున్నా. ఉండేది జీతం, రిటైర్మెంట్‌కి మూడేళ్లు. జీపీఎఫ్ తీద్దామా అని కూడా అడిగారు. దాని మీద 7.1 శాతం, అదీ పన్ను లేకుండా వస్తోంది. పైగా అది ఆయన ముసలితనం డబ్బు. దాన్ని ఈ లెక్కలోకి రానివ్వలేదు.

చివరికి వేసిన పద్ధతి

బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం విదేశీ చదువుకు 4 లక్షలు దాటిన లోన్‌లో 15 శాతం మన వాటా ఉండాలి. దీన్ని మార్జిన్ అంటారు. ఇది ఒకేసారి కట్టక్కర్లేదు, ప్రతి విడతలో దాని భాగం మనం పెడితే చాలు. 48 లక్షల్లో 15 శాతం అంటే 7.2 లక్షలు. మేం సొంత వాటా 12 లక్షలు అనుకున్నాం, ఏడాదికి 6 లక్షల చొప్పున. మిగిలిన 36 లక్షలు లోన్. కానీ బ్యాంకులో శాంక్షన్ మాత్రం 40 లక్షలకు అడిగాం.

ఆ 4 లక్షలు ఎందుకని మాస్టారి భార్య అడిగారు. మంచి ప్రశ్న. శాంక్షన్ అయిన మొత్తానికి వడ్డీ పడదు, వాడుకున్న దానికే పడుతుంది. డాలరు పెరిగితే, ఒక సెమిస్టర్ ఫీజు పెరిగితే, మధ్యలో మళ్లీ బ్యాంకు చుట్టూ తిరిగి లోన్ పెంచుకోవడం చాలా కష్టం. ముందే పెట్టుకున్న పరిమితికి ఖర్చు లేదు. వీసాకు ముందు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం, వీసా ఇంటర్వ్యూ కోసం చూపించాల్సిన నిధుల లెక్కలో కూడా శాంక్షన్ లెటర్‌లోని మొత్తమే పనికొస్తుంది.

మిగిలిన 4 లక్షల ఎఫ్‌డీ కదపకూడదని రాసుకున్నాం. దాని పేరు మేం "ఉద్యోగం ఆలస్యం డబ్బు" అని పెట్టుకున్నాం. దాన్ని ఫీజుకు వాడకుండా దాచినందుకు ఖర్చు ఎంత? లోన్ వడ్డీకీ ఎఫ్‌డీ మీద చేతికొచ్చే దానికీ తేడా 4 శాతం అనుకుంటే ఏడాదికి 16 వేలు. "అంత వడ్డీ వృథా కదా" అన్నారు మాస్టారు. ఇంటికి ఇన్సూరెన్సు కట్టినట్టే ఇదీ అన్నాను. ఒప్పుకున్నారు.

అయితే అసలు నిర్ణయం నెలకు మిగిలే ఆ 30 వేల గురించి. చదువుతున్న రెండేళ్లూ, తర్వాత ఒక ఏడాదీ అసలు కట్టక్కర్లేదు, వడ్డీ కూడా అడగరు. దాన్ని మారటోరియం అంటారు. ఆ కాలానికి బ్యాంకు మామూలు వడ్డీ లెక్కేసి, చివర్లో మొత్తం తీసుకెళ్లి అసలులో కలుపుతుంది. అక్కడి నుంచి ఆ పెద్ద మొత్తం మీద ఈఎంఐ మొదలవుతుంది. మాస్టారు ఆ వడ్డీని నెల నెలా కట్టేస్తే మారటోరియం కాలానికి 1 శాతం రాయితీ కూడా ఉంది, అంటే 9.5 శాతమే పడుతుంది.

లోన్ నాలుగు విడతలు, ఒక్కొక్కటి 9 లక్షలు: 2023 ఆగస్టు, 2024 జనవరి, 2024 ఆగస్టు, 2025 జనవరి. ఒక్కో విడతకు నెల వడ్డీ 7,125 రూపాయలు. మొదటి సెమిస్టర్‌లో 7,125, తర్వాత 14,250, తర్వాత 21,375, చివరికి 28,500. మాస్టారి మిగులు 30 వేలకు ఇది లోపలే ఉంది. 36 లక్షల దగ్గర ఆగడానికి అసలు కారణం ఇదే. మార్జిన్ నిబంధన ప్రకారం 40 లక్షల దాకా వాడుకోవచ్చు, కానీ అప్పుడు చివరి విడత తర్వాత నెల వడ్డీ ఆయన మిగులును దాటిపోయేది.

వడ్డీ కట్టకుండా వదిలేసి ఉంటే? 2026 మే చివరికి 10.5 శాతం లెక్కన 8 లక్షల పైచిలుకు పేరుకుని, అసలు 44 లక్షలు అయ్యేది. పదేళ్ల గడువుకు ఈఎంఐ దాదాపు 59,400. కడుతూ వస్తే అసలు 36 లక్షల దగ్గరే నిలబడుతుంది, ఈఎంఐ 48,600. ఈ రెండో అంకె చూశాక మాస్టారి ముఖంలో కొంచెం టెన్షన్ తగ్గింది.

తాకట్టు దగ్గర మూడు వారాలు

7.5 లక్షలు దాటిన లోన్‌కు ఆస్తి తాకట్టు అడుగుతారు. మా ప్లాన్‌లో ప్లాటు అమ్మకుండా తాకట్టు పెట్టాలని అనుకున్నాం. బ్యాంకు లాయరు కాగితాలు చూసి వద్దన్నారు. అది పంచాయతీ రోజుల్లో వేసిన లేఅవుట్, అనుమతి లేదు, హద్దులు నేల మీద లేవు. ఈ తప్పు నాది. ప్లాటు అనగానే నేనే ముందు లేఅవుట్ అప్రూవల్ అడిగి ఉండాల్సింది. అలా అడగకపోవడం వల్ల మూడు వారాలు పోయాయి. ఐ-20కి నిధుల కాగితాలు పంపాల్సిన గడువు దగ్గరపడుతున్న రోజులవి.

ఇక ఇల్లే పెట్టాల్సి వచ్చింది. ఇల్లు మాస్టారి భార్య పేరు మీద ఉంది, కాబట్టి ఆమె సంతకం లేకుండా ఏదీ కదలదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు, వాల్యుయేషన్ అన్నీ మళ్లీ తెప్పించాం. ఆమెతో విడిగా ఒక గంట కూర్చున్నాను. "మీ ఇల్లు ఈ లోన్ పూర్తయ్యే దాకా బ్యాంకులో ఉంటుందమ్మా. మధ్యలో అమ్మడానికి లేదు, అబ్బాయి పెద్ద లోన్‌కి మళ్లీ పెట్టడానికి లేదు" అని చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న ఒకటే: "అమ్మాయికి ఏదైనా అయితే?" ఆ ప్రశ్న వల్లే అమ్మాయి పేరు మీద, బయలుదేరే ముందే, విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకున్నాం. లోన్‌లో కలిపేసే సింగిల్ ప్రీమియం పాలసీ కూడా చూపించారు గానీ, దాని ప్రీమియం కూడా అప్పులో చేరి దానికీ వడ్డీ పడుతుంది. వద్దనుకున్నాం.

జూన్ రెండో వారంలో శాంక్షన్ వచ్చింది. ఆగస్టులో అమ్మాయి వెళ్లింది.

ట్యాక్స్ మినహాయింపు నిజంగా ఎంత

మేనమామ చెప్పిన మాట దగ్గరికి వస్తాను. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది, 1961 చట్టంలో అది 80ఈ సెక్షన్, దానికి పై పరిమితి లేదు. కానీ మూడు విషయాలు చూడాలి. కట్టిన వడ్డీకే మినహాయింపు, పేరుకున్న వడ్డీకి కాదు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి మొత్తం ఎనిమిదేళ్లే. పాత పన్ను విధానంలో ఉంటేనే.

ఇక్కడ కూడా నెల నెలా వడ్డీ కట్టడమే కలిసొచ్చింది. అమ్మాయికి ఇండియాలో ఆదాయం ఉండదు, ఆమె కడితే ఈ మినహాయింపు ఎవరికీ పనికిరాదు. మాస్టారికి జీతం ఉన్నది 2028 దాకానే. అంటే మినహాయింపు ఎవరికైనా పనికొస్తే మాస్టారికే, అదీ ఆ అయిదేళ్లలోనే. కాబట్టి ఆయన ఉమ్మడి రుణగ్రహీతగా ఉండి, ఆయన ఖాతా నుంచే వడ్డీ కట్టేలా చేశాం.

ఇంతా చేసి లాభం ఎంత? స్థూల జీతం 14 లక్షలు, పొదుపులకు ఇచ్చే 80సీ మినహాయింపు పూర్తిగా వాడుకున్నాక, 2024-25లో ఆయన కట్టిన వడ్డీ దాదాపు 2.49 లక్షలు. పాత విధానంలో పన్ను 1,06,700 అయింది. లోన్ లేకుండా కొత్త విధానంలో ఉండి ఉంటే 1,09,200. అంటే ఇంత వడ్డీ కట్టినందుకు నిజంగా మిగిలింది 2,500 రూపాయలు. 2025-26లో కొత్త విధానం శ్లాబులు మారాక లెక్క తిరగబడింది. ఆ ఏడాది వడ్డీ దాదాపు 3.4 లక్షలు చూపించినా పాత విధానంలో 88 వేల దాకా, కొత్త విధానంలో 81,900. మినహాయింపును వదిలేసుకోవడమే మేలైంది. జీతం వచ్చేవాళ్లు ఏటా విధానం మార్చుకోవచ్చు కాబట్టి ఏటా లెక్క వేసి చూస్తున్నాం. 30 శాతం శ్లాబులో ఉండి, ఇంటి లోన్, హెచ్ఆర్ఏ కూడా ఉన్నవాళ్లకు ఈ మినహాయింపు పెద్దదే అవుతుంది. కానీ "వడ్డీ ట్యాక్స్‌లో పోతుంది" అన్న ధైర్యంతో లోన్ పెంచుకునే ముందు ఎవరి లెక్క వాళ్లు కాగితం మీద వేసుకోవాలి.

విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా పట్టే టీసీఎస్ పన్ను సంగతి చిన్నదే. ఆ రోజుల్లో ఏడాదికి 7 లక్షలు దాటిన భాగానికి సొంత డబ్బైతే 5 శాతం, లోన్ డబ్బైతే అర శాతం పట్టేవారు. మా సొంత వాటా ఏడాదికి 6 లక్షలే, మాస్టారి పాన్ మీద వెళ్లింది కాబట్టి అక్కడ ఏమీ పట్టలేదు. లోన్ డబ్బు మీద పట్టింది రిటర్న్ వేసి వెనక్కు తెచ్చుకున్నాం. 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 లక్షలైంది, లోన్ డబ్బుకు అసలు తీసేశారు.

చదువు నడుస్తుండగా జరిగినవి

2025 జనవరి నాటికి డాలరు 86 దాకా వచ్చింది. చివరి విడత సమయం. 83తో వేసిన లెక్క మీద ఆ ఒక్క సెమిస్టర్‌కే 40 వేలకు పైగా తేడా వచ్చింది. శాంక్షన్‌లో మిగిలిన 4 లక్షలు ఉన్నాయి కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. చివరికి అవి వాడనూ లేదు. అమ్మాయి క్యాంపస్‌లో వారానికి 20 గంటల లోపు చేసుకోదగ్గ పని చేస్తూ తిండి ఖర్చు తానే చూసుకుంటోంది, ఆ తేడా అక్కడే సరిపోయింది. ఆ సంపాదనను నేను ప్లాన్‌లో మొదట లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పటికీ ఏ కేసులోనూ తీసుకోను.

వడ్డీ విషయంలో మాత్రం ఒక పొరపాటు జరిగింది. మారటోరియంలో బ్యాంకు వడ్డీ అడగదు, కాబట్టి తనంతట తాను ఖాతాలోంచి తీసుకోదు కూడా. మాస్టారు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చారు, నెలకు 21,375 అని. జనవరిలో నాలుగో విడత విడుదలయ్యాక వడ్డీ 28,500కు పెరిగింది, ఆ ఇన్‌స్ట్రక్షన్ మాత్రం పాత అంకె దగ్గరే ఉండిపోయింది. మూడు నెలలు అలాగే వెళ్లింది. బ్యాంకు నుంచి ఫోను లేదు, మెసేజ్ లేదు. మార్చి ఆఖరి వారంలో ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం వడ్డీ సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు నేను లెక్క వేసిన దానికీ అందులో ఉన్నదానికీ 21,375 తేడా కనిపించింది. వడ్డీ క్రమంగా కట్టకపోతే ఆ 1 శాతం రాయితీ పోతుంది. మాస్టారు ఆ మర్నాడే బ్యాంకుకు వెళ్లి బకాయి కట్టి, మేనేజరుతో మాట్లాడి రాయితీ నిలబెట్టుకున్నారు.

అప్పటి నుంచి నేను ప్రతి కుటుంబానికీ చెప్పే పని ఇది. కొత్త విడత విడుదలైన ప్రతిసారీ లోన్ స్టేట్‌మెంట్ తీసి, పేరుకున్న వడ్డీ అన్న చోట నెలాఖరుకు ఏమైనా మిగిలిందా చూడాలి. అక్కడ సున్నా ఉంటేనే మన ప్లాన్ నడుస్తున్నట్టు.

చదువు అయ్యాక: రెండు గడియారాలు

2025 మేలో కోర్సు పూర్తయింది. లోన్ మారటోరియం 2026 మే దాకా ఉంది. చాలా కుటుంబాలు ఇక్కడ "ఇంకా ఏడాది టైముంది" అనుకుంటాయి. బ్యాంకు వైపు అది నిజమే. వీసా వైపు అంత టైము లేదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు చదువు తర్వాత ఓపీటీ కింద 12 నెలలు పని చేసే వీలుంటుంది. ఆ కాలంలో మొత్తం కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులవాళ్లకు ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. బ్యాంకు ఏడాది ఆగుతుంది, వీసా మాత్రం 90 రోజులే ఆగుతుంది.

అమ్మాయికి ఓపీటీ జులైలో మొదలైంది. జులై, ఆగస్టు ఇంటర్వ్యూలతోనే గడిచిపోయాయి. అరవై రోజులు దాటాక తన రంగంలోనే వారానికి 20 గంటలకు పైగా జీతం లేని పనిలో చేరింది. మొదటి ఏడాది ఓపీటీలో అలాంటి పని కూడా ఉద్యోగంగా లెక్కకొస్తుంది, పొడిగింపు కాలంలో మాత్రం రాదు. ఆ మూడు నెలలకు ఇంటి నుంచి 2 లక్షలు పంపాల్సి వచ్చింది, ఉద్యోగం ఆలస్యం డబ్బులోంచి. ఇక్కడ మాస్టారు నెల నెలా వడ్డీ కడుతూనే ఉన్నారు. ఎఫ్‌డీలన్నీ మొదటే ఫీజులో పోసి ఉంటే ఆ ఆగస్టు ఎలా గడిచేదో అని మాస్టారి భార్య ఆ తర్వాత నాతో అన్నారు.

అక్టోబరులో టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది, ఏడాదికి 78 వేల డాలర్లు. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఎఫ్-1 మీద వెళ్లి అయిదేళ్లు కాలేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా లేవు. చేతికి నెలకు 5,600 డాలర్ల దాకా వస్తోంది. అద్దె, కారు, ఇన్సూరెన్సు, తిండి పోగా 2,500 డాలర్లకు పైగా మిగులుతుంది. మొదటి జీతం రాగానే "నాన్నా, మొత్తం పంపేస్తా" అంది. వద్దన్నాం. డిసెంబరు దాకా వచ్చిన మిగులు అక్కడే ఆమె ఖాతాలో ఉండిపోవాలని చెప్పాం, ఉద్యోగం పోతే కొన్నాళ్లు బతకడానికి. ఎఫ్‌డీలోంచి తీసిన 2 లక్షలు మాత్రం ముందు తిరిగి పంపింది.

ఆ తర్వాత కట్టే ప్లాన్ వేయడానికి కూర్చున్నప్పుడు రెండు తేదీలు ఒకే చోట పడ్డాయి. మాస్టారి రిటైర్మెంట్ 2028 జూన్, ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు. అమ్మాయి ఓపీటీ పొడిగింపు ముగిసేది 2028 జులై. ఈలోగా హెచ్-1బీ వర్క్ వీసా లాటరీలో పేరు రావచ్చు, రాకపోనూ వచ్చు. దాన్ని నమ్ముకుని ఈఎంఐ లెక్క వేయకూడదు. కాబట్టి మా ప్రశ్న ఇలా మారింది: 2028 జూన్ నాటికి ఈ లోన్ ఎంతకు దిగాలి, అమ్మాయి హైదరాబాదుకు తిరిగొచ్చి ఇక్కడి జీతంతో కట్టుకోగలిగేలా?

హైదరాబాదులో ఆ అనుభవంతో చేతికి 80 వేలు వస్తుందనుకుంటే, అందులో 20, 25 వేలకు మించి ఈఎంఐ ఉండకూడదు. అంటే మిగిలిన అసలు 10, 11 లక్షల దగ్గర ఉండాలి.

దీనికి అమ్మాయి 2026 జనవరి నుంచి నెలకు లక్ష రూపాయలు పంపుతోంది. డాలరు 88 రూపాయలు దాటాక లక్ష అంటే 1,140 డాలర్ల లోపే. 83 దగ్గర ఉన్నప్పుడైతే 1,200 పైన పడేది. ఫీజు కట్టేటప్పుడు ఏడిపించిన డాలరు ఇప్పుడు ఇటువైపు కలిసొస్తోంది, ఎందుకంటే అప్పు రూపాయల్లో ఉంది. అమెరికా నుంచి పంపే డబ్బు మీద 2026 జనవరి నుంచి వచ్చిన 1 శాతం పన్ను నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటికే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు. మే దాకా వడ్డీ మాస్టారే కడుతున్నారు కాబట్టి ఆ అయిదు నెలల 5 లక్షలూ నేరుగా అసలులోకి పోతాయి. జూన్‌లో ఈఎంఐ మొదలయ్యే నాటికి లోన్ 31 లక్షలు.

గడువు విషయంలో మా నిర్ణయానికి చాలామంది ఆశ్చర్యపోతారు. బ్యాంకు 15 ఏళ్ల దాకా ఇస్తుంది. మాస్టారు "పదేళ్లకు పెట్టండి, త్వరగా తీరుతుంది" అన్నారు. నేను 15కే పెట్టించాను. 31 లక్షలకు 15 ఏళ్ల ఈఎంఐ 34,300. అమ్మాయి ఎలాగూ లక్ష కడుతుంది. లక్ష కడుతున్నంత కాలం, ఒప్పందంలో ఉన్న ఈఎంఐ ఎంతైనా పడే వడ్డీ ఒక్కటే, లోన్ తీరే రోజూ ఒక్కటే. తేడా వచ్చేది కట్టలేని నెలలోనే. అమ్మాయి ఉద్యోగం పోతే బ్యాంకు అడిగేది 34,300. మాస్టారి మిగులు 30 వేలు, తక్కువపడే 4,300 ఎఫ్‌డీలోంచి వస్తుంది. అదే మొదట్లో వడ్డీ కట్టకుండా వదిలేసి, 44 లక్షల మీద పదేళ్ల గడువు పెట్టుకుని ఉంటే, నెలకు 29 వేలకు పైగా తక్కువపడేది. ఆ 4 లక్షలు ఏడాది పైన ఒక నెల వచ్చేవి, అంతే.

అదే కారణంతో, ముందస్తుగా కట్టిన ప్రతిసారీ బ్యాంకుకు గడువు తగ్గించమని కాకుండా ఈఎంఐ తగ్గించమని రాసివ్వమన్నాను. మామూలుగా నేను గడువు తగ్గించమనే చెబుతాను, ఎందుకంటే ఈఎంఐ తగ్గితే చాలామంది కట్టడమూ తగ్గిస్తారు. ఈ అమ్మాయి క్రమశిక్షణ మీద నమ్మకం ఉంది, భయం ఉన్నది వీసా మీద. అందుకే ఇలా.

10.5 శాతమే అనుకుని నెలకు లక్ష కడుతూ పోతే 2028 జూన్ చివరికి లోన్ 10.75 లక్షల దగ్గర ఉంటుంది. తిరిగొచ్చి అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు 23 వేలు. మరీ ఇబ్బందైతే బ్యాంకు అడిగే కనీసం 13 వేల లోపే. ఈ ప్లాన్ లేకుండా, 36 లక్షల మీద 15 ఏళ్ల ఈఎంఐ మాత్రమే కడుతూ పోయి ఉంటే అదే రోజుకు ఇంకా 33.7 లక్షలు మిగిలి ఉండేది. రెండేళ్ల డాలరు జీతం అయిపోయాక కూడా అప్పు దాదాపు కదలదు. మొదటి సంవత్సరాల ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోవడం వల్ల ఇలా అవుతుంది. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 6.5 నుంచి 5.5కి, తర్వాత 5.25కి తగ్గింది, లోన్ వడ్డీ కూడా కొంత తగ్గింది. ఆ లాభాన్ని ప్లాన్‌లో కలపలేదు. రేటు మళ్లీ పెరిగితే సర్దుకోవడానికి ఉంచాం.

ఒక చిక్కు ఇంకా తీరలేదు. ఇల్లు బ్యాంకులోనే ఉంది. అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాడు, వాడికీ అక్కలా వెళ్లాలని ఉంది. ప్లాటుకు లేఅవుట్ అనుమతి తెచ్చుకునే దారి చూడమని మాస్టారికి చెప్పాను, కాగితాలు తిరుగుతున్నాయి. లోన్ 15 లక్షల లోపుకు వచ్చాక ఇల్లు విడిపించి, దాని బదులు ప్లాటు పెట్టనిస్తారేమో బ్యాంకును అడగాలి. మొదటి ఈఎంఐ జూన్‌లో పడుతుంది. ఆ నెలాఖరున స్టేట్‌మెంట్ తీసుకుని రమ్మన్నాను.